మీ వ్యాపారం పేరుతో ఎవరో మోసం చేస్తున్నారా? ఫాలోవర్లను హెచ్చరించడం, అసలు మీరేనో కాదో వాళ్లే సరిచూసుకునేలా చేయడం

“డెలివరీ ఛార్జీ మధ్యాహ్నమే కట్టేశానండీ, బహుమతి ఎప్పుడు పంపుతున్నారు?”

చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు ఆన్‌లైన్లో అమ్మే ఒక చిన్న వ్యాపారానికి ఒక సాయంత్రం ఈ మెసేజ్ వచ్చింది. యజమాని ఎవరినీ ఏ ఛార్జీ అడగలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన డ్రాకు విజేతను ఇంకా ఎంపిక చేయనే లేదు. అప్పటికి కొద్ది గంటల ముందు ఎవరో అదే లోగోతో, అదే పేరుతో ఖాతా తెరిచి, డ్రా పోస్టు కింద కామెంట్ పెట్టిన వాళ్లందరికీ “మీరు గెలిచారు” అని మెసేజ్‌లు పంపారు. చిన్న వ్యాపారాల పేజీలు చూసుకోవడం నా పని కాబట్టి ఆ యజమాని నాకు ఫోన్ చేశారు. అయితే నాకు ఫోన్ చేసేలోపే, టెన్షన్‌లో, ఒక హెచ్చరిక పోస్టు పెట్టేశారు. కస్టమర్ పంపిన నకిలీ ఖాతా స్క్రీన్‌షాట్, దాని చుట్టూ ఎర్ర గీత, “ఇది మేము కాదు, నమ్మకండి” అన్న ఒక్క మాట.

గంట గడిచేసరికి నకిలీ ఖాతా తన పేరులో ఒక అక్షరం మార్చుకుంది. స్క్రీన్‌షాట్ పాతబడిపోయింది. ఆపైన మోసగాడు ఆ హెచ్చరికనే కాపీ కొట్టి తన ఖాతాలో పెట్టుకున్నాడు: “మా పేరుతో నకిలీ ఖాతాలు తిరుగుతున్నాయి, మా అసలు ఖాతా ఇదొక్కటే.” చూసిన వాళ్లకు ఎవరు అసలో తెలియలేదు.

ఈ మార్గదర్శి మొత్తం ఆ రెండు దెబ్బల చుట్టూనే తిరుగుతుంది. నకిలీ ఎలా ఉంటుందో చెప్పే హెచ్చరిక నకిలీ రూపం మారగానే పనికిరాకుండా పోతుంది. మీరు ఎప్పుడూ చేయని పనులేవో, మిమ్మల్ని ఎక్కడ సరిచూసుకోవాలో చెప్పే హెచ్చరిక నిలుస్తుంది. ఆ సరిచూసుకునే చోటు కూడా మోసగాడు కాపీ చేయలేనిదై ఉండాలి.

## ముందుగా తేల్చుకోవాల్సింది: నకిలీ ఖాతానా, మీ ఖాతానే పోయిందా?

ఫిర్యాదు చేసిన కస్టమర్‌ను ఒక్కటే అడగండి: “ఆ మెసేజ్ మీకు ఏ ఖాతా నుంచి వచ్చింది? ఆ ప్రొఫైల్ లింక్, మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపగలరా?” పైన కనిపించే పేరును బట్టి నిర్ణయానికి రాకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెద్దగా కనిపించే పేరును ఎవరైనా మీ పేరులాగే పెట్టుకోవచ్చు. ఒకే యూజర్‌నేమ్ మాత్రం ఇద్దరికి ఉండదు. అందుకే మీది `yourshop` అయితే నకిలీ `yourshop_` అనో, `your.shop` అనో, `yourshopp` అనో ఉంటుంది. ఫోన్‌లో వేగంగా చదివేటప్పుడు `m` స్థానంలో `rn` ఉన్నా కంటికి ఆనదు. అక్షరం అక్షరం పోల్చి చూడాలి.

యూజర్‌నేమ్ అచ్చంగా మీదే అయితే సమస్య వేరు. మీ ఖాతాలోకే ఎవరో చొరబడ్డారు. అప్పుడు హెచ్చరిక కంటే ముందు పాస్‌వర్డ్ మార్చాలి, ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి తెలియని పరికరాలన్నింటినీ తొలగించాలి, రెండంచెల ధృవీకరణ పెట్టాలి. వాట్సాప్ అయితే `Linked devices` తెరిచి మీవి కాని వాటిని లాగౌట్ చేయాలి. ఇది చేయకుండా హెచ్చరిక పోస్టు పెడితే చొరబడిన వాడు దాన్ని తీసేస్తాడు.

నోట్‌బుక్కుల వ్యాపారం విషయంలో అది నకిలీ ఖాతాయే. కానీ యజమాని ఎంత వెతికినా ఆ ఖాతా ఆయనకు కనిపించలేదు. ఇది చాలామందిని గందరగోళపెడుతుంది. మోసగాడు తరచుగా మొట్టమొదట చేసే పని అసలు ఖాతాను బ్లాక్ చేయడం. అందువల్ల మీకు ఏమీ కనబడదు, కస్టమర్లకు మాత్రం కనబడుతూనే ఉంటుంది. ఇంట్లో వాళ్ల ఫోన్ నుంచో, స్నేహితుల ఖాతా నుంచో చూడండి.

## రిపోర్ట్ కొట్టే ముందు ఆధారాలు

చాలామంది కంగారులో ముందు రిపోర్ట్ చేసేస్తారు. ఖాతా తొలగిపోతే దాంతో పాటు ఆధారాలూ పోతాయి. పావుగంట కేటాయించి వీటిని భద్రం చేయండి: నకిలీ ప్రొఫైల్ పూర్తి లింక్, యూజర్‌నేమ్ స్పష్టంగా కనిపించే స్క్రీన్‌షాట్, కస్టమర్‌కు వచ్చిన మెసేజ్‌లు తేదీ, సమయంతో సహా, అన్నింటికంటే ముఖ్యంగా డబ్బు ఎక్కడికి పంపమన్నారో ఆ వివరాలు. ఖాతా పేరు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు గానీ డబ్బు వెళ్లిన దారి బ్యాంకుకూ పోలీసులకూ పనికొచ్చే అసలు జాడ.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ప్రొఫైల్ పైనున్న మూడు చుక్కలు నొక్కితే `About this account` అని వస్తుంది. ఖాతా ఎప్పుడు తెరిచారో అక్కడ తెలుస్తుంది. ఏళ్ల తరబడి నడుస్తున్న మీ వ్యాపారం పేరుతో ఉన్న ఖాతా ఈ నెలలోనే పుట్టిందంటే ఇక చెప్పేదేముంది? ఆ తెరను కూడా స్క్రీన్‌షాట్ తీయండి. అయితే తారీఖు పాతదిగా ఉన్నంత మాత్రాన అసలు ఖాతా అనుకోవద్దు. ఎవరివో పాత ఖాతాలు దొంగిలించో, కొనో పేరు మార్చి వాడేవాళ్లు ఉన్నారు.

## సరిచూసుకునే చోటు ముందు, హెచ్చరిక తర్వాత

“అనుమానం వస్తే మమ్మల్ని అడగండి” అని అందరూ రాస్తారు. ఎక్కడ అడగాలి? నకిలీ ఖాతా కూడా అదే మాట రాసి కింద తన నంబరే ఇస్తుంది. కాబట్టి హెచ్చరిక రాయకముందే ఒక చోటు సిద్ధం చేయాలి.

మీ లోగోను కాపీ చేయవచ్చు, ఫొటోలను కాపీ చేయవచ్చు, హెచ్చరికనూ కాపీ చేయవచ్చు. మీ డొమైన్ పేరు మీద మాత్రం మోసగాడు వెబ్‌సైట్ నడపలేడు, దాన్ని పోలిన ఇంకో పేరు కొనగలడు అంతే. అందుకే మీ సొంత వెబ్‌సైట్లో ఒక చిన్న పేజీ పెట్టండి. చిరునామా నోటితో చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి, ఉదాహరణకు `yourshop.example/contact`. ఆ పేజీలో మీరు వాడే ప్రతి ఖాతా యూజర్‌నేమ్, ప్రతి ఫోన్ నంబరు, ప్రతి ఈమెయిల్ చిరునామా, డబ్బు పంపేటప్పుడు తెరమీద కనిపించాల్సిన పేరు రాయండి. చివరిది చాలామంది మరిచిపోతారు. కానీ డబ్బు చేతులు మారే క్షణంలో కస్టమర్ కళ్లముందు ఉండేది ఆ పేరే. “పేమెంట్ చేసేటప్పుడు ఈ పేరు కాకుండా వేరే పేరు కనిపిస్తే ఆపేయండి” అని ఒక్క వాక్యం రాస్తే చివరి అడుగులోనైనా కొంతమంది ఆగుతారు.

పేజీలో “వీటిలో లేనిది ఏదైనా మాది కాదు” అని తేల్చి రాయండి. అలా రాసిన తర్వాత మీరూ దానికి కట్టుబడాలి. మీ సహాయకులు సొంత నంబరు నుంచి ఒక్కసారి కస్టమర్‌కు మెసేజ్ చేసినా ఆ మాట విలువ పోతుంది.

వెబ్‌సైట్ లేనివాళ్లు ఏం చేయాలి? కస్టమర్ చేతిలో ముందే ఉన్న వాటిని ఆధారం చేసుకోవాలి: పాత బిల్లు మీద అచ్చయిన నంబరు, పార్సిల్ మీది స్టిక్కర్, గతంలో ఆర్డర్ ఇచ్చినప్పుడు నడిచిన పాత చాట్. మోసం మొదలుకాకముందే వాళ్ల దగ్గరకు చేరినవి కాబట్టి వాటిని మోసగాడు మార్చలేడు. రహస్య పదం పెట్టుకుందామని కొందరు అంటారు. వందల మందికి ఒకే పదం చెబితే అది ఒక్క రోజు కూడా రహస్యంగా ఉండదు. మోసగాడు కూడా మీ ఫాలోవరే అని మరవకండి.

## హెచ్చరిక రాయడం

నోట్‌బుక్కుల వ్యాపారానికి మేము మొదటి పోస్టు తీసేసి, దాని స్థానంలో పెట్టింది దాదాపు ఇలా ఉంది:

> మా పేరుతో, మా లోగోతో వేరే ఖాతా నుంచి కొందరికి “మీరు డ్రా గెలిచారు, డెలివరీ ఛార్జీ కట్టండి” అని మెసేజ్‌లు వెళ్తున్నాయి. అవి మేము పంపలేదు. డ్రా విజేతను ఇంకా ఎంపిక చేయలేదు.
>
> బహుమతి ఇవ్వడానికి మేము ఎప్పుడూ డబ్బు అడగం. కార్డు వివరాలు, ఓటీపీ ఎవరి దగ్గరా, ఎప్పుడూ అడగం. విజేత పేరును మా పేజీలో పోస్టుగా ప్రకటిస్తాం, ముందుగా విడిగా మెసేజ్ చేయం.
>
> మెసేజ్ మాదో కాదో తెలుసుకోవాలంటే అందులోని లింక్ నొక్కకండి. మీ బ్రౌజర్‌లో yourshop.example అని మీరే టైప్ చేసి, అక్కడున్న నంబరుకు ఫోన్ చేయండి.
>
> ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే మీ బ్యాంకుకు చెప్పండి, ఆ తర్వాత మాకు చెప్పండి. ఇందులో మీ తప్పేమీ లేదు.

ఇందులో నకిలీ యూజర్‌నేమ్ లేదు, కావాలనే రాయలేదు. రాసి ఉంటే, అది తప్ప మిగతావన్నీ అసలువే అనుకునే ప్రమాదం ఉంది. పైగా నకిలీని ట్యాగ్ చేస్తే జనం ఆ ఖాతాను వెతుక్కుంటూ వెళ్తారు.

“ఎప్పుడూ అడగం” అనే వాక్యం రాసేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. అది నిజంగా ఎప్పుడూ జరగనిదై ఉండాలి. మీరు మామూలు ఆర్డర్లకు మెసేజ్‌లోనే పేమెంట్ లింక్ పంపే అలవాటు ఉంటే “మేము లింకులు పంపం” అని రాయకూడదు. రాస్తే రేపు మీ అసలు లింక్ చూసి కస్టమర్ భయపడతారు, లేదా “వీళ్లు చెప్పేదొకటి చేసేదొకటి” అనుకుని నకిలీ లింక్‌ను కూడా నొక్కేస్తారు. రాసే ముందు గత కొన్ని నెలల చాట్లు తిరగేసి మీరు నిజంగా ఏం అడుగుతున్నారో చూసుకోండి.

ఆఖరి వాక్యం గురించి ఒక మాట. మోసపోయిన వాళ్లు సిగ్గుతో చెప్పరు. చెప్పకపోతే వాళ్ల డబ్బు ఆగే అవకాశం పోతుంది, మీకు ఆధారాలూ దొరకవు. అందుకే ఆ మాట నేను ప్రతి హెచ్చరికలోనూ పెడతాను.

## ఎక్కడ, ఎలా చేరవేయాలి

మామూలు పోస్టు ఒకటి పెట్టి ప్రొఫైల్ పైభాగంలో పిన్ చేయండి. స్టోరీ కూడా పెట్టండి, కానీ అది 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. హైలైట్‌గా దాచండి. డ్రా పోస్టు కిందనే మొదటి కామెంట్‌గా హెచ్చరిక రాసి దాన్నీ పిన్ చేయండి. మోసగాడు మనుషులను ఏరుకుంటున్నది అక్కడి నుంచే, కాబట్టి అన్నింటికంటే ఎక్కువ పనిచేసేది ఆ కామెంట్.

కామెంట్ పెట్టిన ప్రతి ఒక్కరికీ విడిగా మెసేజ్ చేద్దామని యజమాని అన్నారు. మంచి ఆలోచనే, కానీ మీ మెసేజ్ కూడా వాళ్లకు నకిలీలాగే కనిపిస్తుంది. అలా పంపదలిస్తే ఒక నియమం పెట్టుకోండి: ఆ మెసేజ్‌లో లింక్ ఉండకూడదు, నంబరు ఉండకూడదు, జవాబు అడగకూడదు. “మా ప్రొఫైల్ పైన పిన్ చేసిన పోస్టు చూడండి” అంటే చాలు. ఏమీ అడగని మెసేజ్ వల్ల ఎవరికీ నష్టం ఉండదు.

## కస్టమర్ సరిచూసుకునే అడుగులు

ఇవి మీ పేజీలో, హైలైట్‌లో యథాతథంగా పెట్టుకోవచ్చు. వీటన్నింటికీ మూలం ఒక్కటే: వచ్చిన మెసేజ్ చూపించే దారిలో సరిచూసుకోకూడదు.

1. జవాబివ్వకుండా ఆ చాట్ నుంచి బయటకు రండి. “పది నిమిషాల్లో చెప్పకపోతే వేరేవాళ్లకు ఇస్తాం” అన్న తొందర ఉంటే మరీ. “మీరు అసలు వాళ్లేనా?” అని అదే చాట్‌లో అడిగితే “అవును” అన్న జవాబే వస్తుంది.

2. వ్యాపారాన్ని మీ దారిలో చేరండి. వెబ్ చిరునామా మీరే టైప్ చేయండి. లేదా పాత బిల్లు మీది నంబరు చూడండి. సెర్చ్‌లో వచ్చే నంబర్లను గుడ్డిగా నమ్మవద్దు, ప్రకటనల రూపంలో నకిలీ నంబర్లు పైన కనిపించడం మామూలైపోయింది.

3. లింక్ వస్తే చివరి నుంచి చదవండి. `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదవాలి. ఈ రెండూ చూడండి:

```
https://yourshop.example/contact
https://yourshop.example.gift-claim.test/contact
```

మొదటిది `yourshop.example` వాళ్లది. రెండోది మొదట్లో అదే పేరు ఉన్నా `gift-claim.test` అనే వేరే సైట్‌ది. పక్కన తాళం గుర్తు ఉందని ధైర్యపడకండి. మీకూ ఆ సైట్‌కూ మధ్య సమాచారం గోప్యంగా వెళ్తోందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. ఆ సైట్ ఎవరిదో, మంచిదో చెడ్డదో చెప్పదు. నకిలీ సైట్లకూ అది ఉచితంగా దొరుకుతుంది.

4. మెసేజ్ వచ్చిన మాధ్యమాన్ని బట్టి చూడండి. వాట్సాప్‌లో అయితే ప్రొఫైల్ ఫొటోనూ పేరునూ లెక్కలోకి తీసుకోకండి, నంబరును మాత్రమే వెబ్‌సైట్లోని నంబరుతో పోల్చండి. నీలం టిక్ ఫొటో లోపల అతికించినట్టు ఉంటే అది బొమ్మ మాత్రమే, అసలైన గుర్తు పేరు పక్కన వస్తుంది. ఈమెయిల్ అయితే పేరు మీద నొక్కి దాని వెనకున్న పూర్తి చిరునామా చూడండి, `@` తర్వాతి భాగం వెబ్‌సైట్ పేరుతో అచ్చుగుద్దినట్టు సరిపోవాలి, అయినా అదొక్కటే రుజువు కాదు. ఫోన్ వస్తే తెరమీద అసలు నంబరే కనిపించినా సరిపోదు, ఆ నంబరును నకిలీగా చూపించే వీలుంది. పెట్టేసి, అదే నంబరుకు మీరు తిరిగి చేయండి. మీరు చేసిన ఫోన్ మాత్రం ఆ నంబరు అసలు యజమానికే వెళ్తుంది.

5. డబ్బు పంపే ముందు చివరిసారి పేరు చూడండి. వెబ్‌సైట్లో చెప్పిన పేరు కాకపోతే, “అది మా అకౌంటెంట్ ఖాతా” వంటి ఏ వివరణ వచ్చినా ఆపేయండి.

## రిపోర్ట్ చేయడం, దాని హద్దులు

ఆధారాలు చేతికొచ్చాక నకిలీ ప్రొఫైల్ మూడు చుక్కల్లో `Report` నొక్కి, వేరొకరిలా నటిస్తున్నారన్న కారణం ఎంచుకుని, అసలు ఖాతాగా మీది చూపించండి. మీ పేరుకు ట్రేడ్‌మార్క్ ఉంటే దానికి విడిగా ఉన్న ఫారం కూడా నింపండి. అందరినీ రిపోర్ట్ చేయమని అడగడం కంటే వ్యాపారం యజమానిగా మీరు ఆధారాలతో చేసే ఫిర్యాదు మీద శ్రద్ధ పెట్టండి. డబ్బు పోయిన వాళ్లు ఉంటే మీ ప్రాంతపు సైబర్ నేరాల విభాగానికి కూడా ఫిర్యాదు చేయండి. ఖాతా తొలగిపోయినా అదే మనిషి ఇంకో అక్షరం మార్చి మళ్లీ రావచ్చు. నోట్‌బుక్కుల వారికి అలాగే జరిగింది. కానీ రెండోసారి పోస్టు మార్చాల్సిన పని పడలేదు, అందులో రాసినదంతా కొత్త నకిలీకీ వర్తించింది.

మోసం ఈమెయిల్ ద్వారా, మీ డొమైన్ పేరుతోనే జరుగుతుంటే ఇంకో మందు ఉంది. మీ డొమైన్ నుంచి ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్, మెయిల్‌కు మీ డొమైన్ డిజిటల్ సంతకం చేర్చే డీకిమ్ అమరికలు మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో పెట్టించి, వాటిపైన, ఆ పరీక్షల్లో నెగ్గని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ పెట్టించండి:

```
_dmarc.yourshop.example TXT "v=DMARC1; p=none; rua=mailto:reports@yourshop.example"
```

`p=none` అంటే ఇంకా ఏదీ ఆపదు, నివేదికలు మాత్రం పంపుతుంది. కొన్ని వారాలు వాటిని చూసి మీ అసలు మెయిళ్లన్నీ సరిగ్గా వెళ్తున్నాయని నమ్మకం కుదిరాక, నెగ్గని మెయిళ్లను స్పామ్‌లోకి పంపమనే `p=quarantine`, ఆ తర్వాత వాటిని తిరస్కరించమనే `p=reject` చేయాలి. మొదటి రోజే `reject` పెడితే మీ సొంత బిల్లులే కస్టమర్లకు చేరకపోవచ్చు. ఇది మీ అసలు డొమైన్‌ను దొంగగా వాడటాన్ని మాత్రమే ఆపుతుంది. దాన్ని పోలిన వేరే డొమైన్ కొని పంపే మెయిళ్లను ఆపలేదు.

## డబ్బు పంపేసిన వాళ్లతో

నోట్‌బుక్కుల వ్యాపారంలో మొదట మెసేజ్ చేసిన ఆవిడకు మేము చెప్పిన క్రమం ఇది: ముందు బ్యాంకుకు ఫోన్ చేసి లావాదేవీని మోసంగా నమోదు చేయించండి, కార్డు వివరాలు ఇచ్చి ఉంటే కార్డు ఆపించండి, ఏ లింక్‌లోనైనా పాస్‌వర్డ్ కొట్టి ఉంటే దాన్ని మార్చండి, అదే పాస్‌వర్డ్ వేరేచోట వాడుతుంటే అక్కడా మార్చండి. ఇక్కడ గంటలు లెక్కకొస్తాయి. డబ్బు ఇంకో ఖాతాకు వెళ్లిపోతే వెనక్కి రప్పించడం కష్టం. అందుకే “వాళ్లను నిలదీసి చూస్తాను” అని ఆవిడ అంటే వద్దన్నాం. నకిలీ వాళ్లతో మాట్లాడే ప్రతి నిమిషం బ్యాంకుకు ఆలస్యం.

బాధితులను కామెంట్లలో వివరాలు రాయమని అడగవద్దు. “నేనూ మోసపోయాను” అని ఎవరైనా రాయగానే కింద “నా డబ్బు ఫలానా వ్యక్తి తిరిగి ఇప్పించారు, ఆయన్ను సంప్రదించండి” అని కామెంట్లు మొదలవుతాయి. అది రెండో మోసం, ముందుగా ఫీజు తీసుకుని మాయమవుతారు. హెచ్చరిక పోస్టు కింద కామెంట్లను మొదటి కొన్ని రోజులు రోజుకు రెండు మూడుసార్లు చూసి అలాంటివి తీసేయండి, లేదా ఆ ఒక్క పోస్టుకు కామెంట్లు ఆపేయండి.

ఆ డ్రా విజేతను వారం ఆలస్యంగా, చెప్పినట్టే పేజీలో పోస్టుగా ప్రకటించారు. ఆ విజేత యజమానికి మెసేజ్ పెట్టకుండా నేరుగా వెబ్‌సైట్లోని నంబరుకు ఫోన్ చేసి, “నిజంగా నేనేనా అని అడుగుదామని చేశానండీ” అన్నారట.